సిక్స్ బై సిక్స్ బావ

మా బావని డిపోలో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన సిక్స్ బై సిక్స్. ఇరవై ఏడేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాడు, ఏటా కంటి పరీక్ష ఫామ్‌లో అదే అంకె పడుతోంది. టీ తాగేటప్పుడు ఎవరైనా కళ్లజోడు తుడుచుకుంటూ కనిపిస్తే చాలు, మొదలుపెడతాడు. "నాకు చూడు, యాభై నాలుగొచ్చినా ఆరుకి ఆరు!" అంటాడు. ఏదో పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నట్టు.

ఆరుకి ఆరు మార్కులు కాదయ్యా బాబూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. నేను ఆయన మరదల్ని, కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించేదాన్ని. పొద్దున్నించి సాయంత్రం దాకా "కింద గీత చదవండి" అనడమే నా బతుకు. అందుకని ఈ అంకె మీద ఎవరు తప్పుగా మాట్లాడినా నాకు ఒళ్లు మండుతుంది.

పైన ఉన్న ఆరు అంటే ఆరు మీటర్లు. మీరు చార్టుకి ఆరు మీటర్ల దూరంలో ఉన్నారని. కింద ఉన్న అంకె, మామూలు కన్ను ఆ గీతని ఎంత దూరం నుంచి చదవగలదో చెబుతుంది. అన్నిటికంటే పైన ఉన్న పెద్ద అక్షరం మామూలు కంటికి అరవై మీటర్ల నుంచే కనబడుతుంది. మీకు ఆరు మీటర్ల నుంచి అది ఒక్కటే కనబడితే మీ చూపు సిక్స్ బై సిక్స్టీ. సిక్స్ బై ట్వెల్వ్ అంటే పక్కవాడు పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని మీరు ఆరు దాకా వస్తే గానీ చదవలేరు. సిక్స్ బై సిక్స్ అంటే మామూలు మనిషి చదివినట్టే మీరూ చదివారు, అంతే. దానికంటే చిన్న గీత చదివేవాళ్లూ ఉన్నారు, సిక్స్ బై ఫైవ్ అని రాస్తాం. ఇది చెబితే బావ ముఖం ముడుచుకునేవాడు. "అంటే నాకంటే ఎక్కువ మార్కులు వచ్చేవాళ్లు కూడా ఉన్నారన్నమాట!"

సరదా మనిషి. మా అక్కని పెళ్లి చేసుకున్ననాటికి నేను పదో తరగతి. లెక్కలు రాక ఏడుస్తుంటే పక్కన కూర్చుని, తనకీ రాక, ఇద్దరం కలిసి అక్క చేత తిట్లు తిన్నాం. నాకు కోర్సులో సీటు వచ్చినప్పుడు ఊరంతా తిరిగి "మా మరదలు కళ్ల డాక్టరు కాబోతోంది" అని చెప్పాడు. డాక్టర్ని కాదు బావా అంటే వినడు. బస్సు మీద ఒక్క గీత పడనివ్వని మనిషి. అద్దం ముందు నిలబడి చొక్కా కాలరు సర్దుకోవడానికి పట్టే టైము కంటే బస్సు అద్దాలు సర్దుకోవడానికి ఎక్కువ పట్టేది ఆయనకి.

నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పేస్తాను. దాచుకుని ఏం లాభం?

డ్రైవర్లకి ఏటా ఇచ్చే ఫామ్‌లో కంటికి సంబంధించి ఒక్క వరస ఉంటుంది. కుడి కన్ను సిక్స్ బై, ఖాళీ. ఎడమ కన్ను సిక్స్ బై, ఖాళీ. దాని కింద ఫిట్, అన్‌ఫిట్. అంతే. మేం చుక్కల మందు వేసి కంటి పాపని పెద్దది చేసి లోపల చూడాలంటే, మందు దిగేదాకా నాలుగైదు గంటలు చూపు మసకేస్తుంది, వెలుగు గుచ్చుకుంటుంది. ఆ పూట బస్సు నడపకూడదు. బావ ఎప్పుడొచ్చినా డ్యూటీ మధ్యలోనే వచ్చేవాడు. "చుక్కలొద్దే మరదలా, రెండింటికి బండి ఎక్కాలి. వచ్చే ఏడు వేద్దువుగాని," అనేవాడు. నేను చార్టు చదివించి, సిక్స్ బై సిక్స్ రాసి పంపేసేదాన్ని. అలా ఏడు "వచ్చే ఏళ్లు" గడిచిపోయాయి. బయటివాళ్లైతే గట్టిగా చెప్పేదాన్నేమో. బావ కదా, కళ్లు బంగారం కదా, అనుకున్నాను.

ఈ ఏడు వచ్చింది సోమవారం పొద్దున్న. ఆయన బస్సుకి ఇంజను పని పడి శుక్రవారం దాకా షెడ్డులో ఉంది. శనివారం మళ్లీ రోడ్డెక్కాలి, ఫామ్ లేకపోతే ఎక్కనివ్వరు. "ఈ వారమంతా ఖాళీయేగా? ఇవాళ చుక్కలు తప్పించుకోలేవు," అన్నాను. పైగా అక్క నాలుగు రోజుల ముందు ఫోన్లో వాపోయింది. కింద పెట్టిన మంచినీళ్ల గ్లాసు కాలితో తన్నేస్తున్నాడట, గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంటున్నాడట. "పరాకు ఎక్కువైందే మీ బావకి," అంది. నాకు పరాకులా అనిపించలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి ముందు ప్రశ్నలు అడిగాను. షుగరు లేదు, బీపీకి మాత్ర వేసుకుంటున్నాడు. తలనొప్పి లేదు, కన్నెప్పుడూ ఎర్రబడలేదు. "ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బుందా?" అంటే, "మా అమ్మకి ముసలితనంలో చూపు పోయింది కదా, వయసుకి," అన్నాడు. ఆవిడకి అప్పటికి అరవై కూడా లేవు. ఇది నేనెప్పుడో అడగాల్సిన ప్రశ్న.

మా గది పొడవు మూడు మీటర్లే. ఎదురుగా అద్దం, తల మీద చార్టు, అద్దంలో చూసి చదివితే దూరం ఆరు మీటర్లు. కుడి కన్ను మూసి చదివాడు, ఎడమ కన్ను మూసి చదివాడు. రెండూ సిక్స్ బై సిక్స్. ఎడమ కంటితో చదివేటప్పుడు మాత్రం గీత మొదలెక్కడుందో వెతుక్కున్నాడు, తల అటూ ఇటూ తిప్పాడు. చివరి అక్షరం కూడా తప్పు లేకుండా చెప్పి, "చూశావా!" అన్నాడు. దగ్గర చూపుకి ఎలాగూ చత్వారం అద్దాలున్నాయి. రంగుల పుస్తకంలో అంకెలన్నీ చెప్పాడు. కనుగుడ్లు అన్ని వైపులా తిరిగాయి.

అప్పుడు టార్చి వేశాను. కుడి కంటి మీద వెలుగు పడితే పాప ముడుచుకుంది. వెంటనే ఎడమ కంటి మీదకి తిప్పాను. ముడుచుకునే ఉండాల్సిన పాప మెల్లగా పెద్దదైంది. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. వెలుగు లోపలికి వెళ్తోంది, కానీ ఆ కంటి నరం మెదడుకి సరిగ్గా చెప్పడం లేదు.

స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. "కుడి కన్ను చేత్తో మూసుకో. నా ముక్కు మీదే చూపు పెట్టు. నా వేళ్లు ఆడేది కనబడగానే చెప్పు." పక్కల నుంచి చేతులు ముందుకి తెస్తూ వేళ్లాడించాను.

బావ చూస్తూ కూర్చున్నాడు.

"వేళాకోళం వద్దు బావా, నాకింకా ముప్పై మంది ఉన్నారు," అన్నాను.

"వేళాకోళం నాదా నీదా? మొదలుపెట్టవేం?" అన్నాడు.

నా వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. దాదాపు నా ముఖం దాకా వచ్చాక, "ఆఁ, ఇప్పుడు," అన్నాడు. ఆ కంటికి మధ్యలో ఒక గుండ్రం మిగిలింది, అంతే. ఆ గుండ్రంలోంచి మా చార్టు చక్కగా కనబడుతుంది. కుడి కంటిది చూస్తే ముక్కు వైపు సగం లేదు. రెండూ కలిపితే ఆయనకి ఎడమ వైపు ప్రపంచం లేదు.

దీపాల మిషను దగ్గర కూర్చోబెట్టాను. గిన్నెలాంటి దాంట్లో చూపు మధ్యలో నిలిపి, ఎక్కడ చుక్క వెలిగినా మీట నొక్కాలి. చుక్కల మందు వేశాక ఈ పరీక్ష సరిగ్గా రాదు, అందుకే ముందు. వచ్చిన కాగితం మీద నలుపే నలుపు. లోపలి గదిలో పెద్ద డాక్టరమ్మ కంటి ముందు భాగం చూసింది. మత్తు చుక్క వేసి కంటి లోపలి ఒత్తిడి కొలిచింది. పది నుంచి ఇరవై ఒకటి మధ్య ఉండాల్సింది కుడి కంటికి ఇరవై ఎనిమిది, ఎడమ కంటికి ముప్పై నాలుగు. కంట్లో నీరు బయటికిపోయే మూల తెరుచుకునే ఉందని చూసుకుని, అప్పుడు చుక్కలు వేయించింది. అరగంట ఆగి లోపల నరం చూసింది. నన్నూ చూడమంది. నరం మధ్య చిన్నగా ఉండాల్సిన గుంట పెద్దదై అంచుల దాకా తినేసి ఉంది.

"గ్లకోమా. మీ వాళ్లు నీటికాసులు అంటారే, అదే," అంది డాక్టరమ్మ. నొప్పి ఉండదు, ఎర్రబడదు, పక్కల నుంచి తింటూ వస్తుంది, మధ్య చూపుని చిట్టచివరికి వదిలిపెడుతుంది. పోయింది తిరిగి రాదు. మందు చుక్కలతో ఒత్తిడి తగ్గిస్తే ఉన్నది నిలుస్తుంది. "మీరు బస్సు నడపకూడదు. డిపోలో మీరే చెప్పండి. రోగి విషయం మా అంతట మేం బయటపెట్టం," అంది.

బావ బెంచీ మీద కూర్చున్నాడు. పాపలు పెద్దవై కళ్లు నల్లగా మెరుస్తున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను వెతికాడు. నేను ఎడమ పక్కనే ఉన్నాను.

"ఫామ్‌లో ఏమడిగారే?" అన్నాడు.

"బావా..."

"రెండు అంకెలడిగారు. నువ్వు అబద్ధం రాయొద్దు. ఉన్నదే రాయి. సిక్స్ బై సిక్స్ కాదూ?"

అవును మరి, అదే. ఆయన చెప్పింది పూర్తిగా నిజం.

అసలు చిక్కు ఆ శుక్రవారం క్యాంపుతో. ఏటా డిపోలో మా ఆసుపత్రి వాళ్లే ఒక రోజు క్యాంపు పెడతారు; మరదలుండగా వరసెందుకని బావ మాత్రం ఇన్నాళ్లూ నా దగ్గరికే వచ్చేవాడు. చార్టు పట్టుకుని వెళ్లేది నేనే. నేను అంకెలు రాసి, ఫిట్ దగ్గర టిక్కు పెడితే, డాక్టరు సాయంత్రం కట్టంతా సంతకాలు చేసేస్తాడు. ఈసారి బావ ఆ వరసలోనే వస్తానన్నాడు. నేను వెళ్లనంటే ఇంకొకరు వెళ్తారు, చార్టు చదివిస్తారు, రాసేస్తారు. వెళ్తే నేను రాయాలి. ఎటు చూసినా ఆ ఫామ్ నా మెడకే చుట్టుకుంది.

మంగళవారం అక్క ఇంటికొచ్చింది. కూర్చోలేదు. "పిల్ల చదువు ఇంకా రెండేళ్లుంది. ఈయన ఇంట్లో కూర్చుంటే మనిషి మనిషిగా ఉంటాడా? స్టీరింగు తప్ప ఏమీ తెలీదు ఆయనకి. డిపోలో ఇంకో పని ఇస్తారో, పొమ్మంటారో ఎవరికి తెలుసు? మందు వేసుకుంటాడు, జాగ్రత్తగా నడుపుతాడు. నువ్వు రాసేది అబద్ధమైతే కాదుగా?"

"ఎడమ వైపు పిల్లాడు పరిగెత్తుకొస్తే కనబడడే అక్కా."

"ఇన్నాళ్లూ ఎవరూ రాలేదుగా?"

అక్క చెడ్డది కాదు. భయం. "ఏడేళ్లు నువ్వే రాశావు కదే. అప్పుడు లేని నీతి ఇప్పుడెందుకొచ్చింది?" అని వెళ్లిపోయింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నేను బుధవారమంతా రోగుల మీద అరిచాను. పాపం ఒకాయన, సిక్స్ బై నైన్ అంటే ఎంత శాతం అమ్మా అని అడిగితే, శాతం కాదండీ ఎన్నిసార్లు చెప్పాలి అన్నాను. ఆయన మొదటిసారే అడిగాడు.

గురువారం ఒకటి నిర్ణయించుకున్నాను. ఈసారి క్యాంపులో అందరికీ చేతుల పరీక్ష కూడా చేస్తాను. ఒక్క బావకే చేస్తే బయటపెట్టినట్టు. అందరికీ చేస్తే పద్ధతి. మనిషికి ఒక్క నిమిషం పడుతుంది, అంతేగా. అలా అనుకుని ఆ రాత్రి నిద్రపోయాను కూడా. నన్ను నేను బాగానే మభ్యపెట్టుకున్నాను.

డిపోలో డ్రైవర్లు నడుం వాల్చే గది పొడుగ్గా ఉంటుంది. గోడకి చార్టు తగిలించి, టేపుతో ఆరు మీటర్లు కొలిచి నేల మీద గీత పెట్టాను. వరసలో ముప్పై ఎనిమిది మంది. చార్టు చదవడం, ఆ తర్వాత వరసకి వీపు పెట్టి నా ఎదురుగా స్టూలు మీద కూర్చోవడం. ఎడమ కంటితోనే మొదలు. నా కుడి చెయ్యి వేళ్లాడిస్తాను, తర్వాత ఎడమ, తర్వాత రెండూ; నాది ఏ చెయ్యి ఆడిందో వాళ్లు చెప్పాలి. మొదటివాడు నవ్వి, "ఇదేంటి మేడమ్, కొత్త నాట్యమా?" అన్నాడు. కొత్త రూలన్నాను.

బావ ఇరవై మూడోవాడు. వరసలో నిలబడి, తల కొంచెం పక్కకి తిప్పి, ముందున్నవాళ్లనే చూస్తున్నాడు. నేను గమనించాను. నా చేతులెలా ఆడుతున్నాయో చూసి, ఏ చెయ్యి తర్వాత ఏదో పట్టేశాడు. చార్టు వేలాడదీసిన గదిలో పావుగంట కూర్చున్న డ్రైవరు ఎవరైనా కింద గీత బట్టీ పట్టేస్తాడు, అది మాకు తెలిసిన సంగతే. చేతుల్ని బట్టీ పట్టొచ్చని నాకు తట్టలేదు.

ఆయన వంతు వచ్చింది. గీత మీద నిలబడి రెండు కళ్లతోనూ గడగడా చదివేశాడు. వెనకాల ఒకరిద్దరు ఈలలు వేశారు. "సిక్స్ బై సిక్స్!" అన్నారు. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కుడి కన్ను మూసుకున్నాడు. నా ముక్కు వైపు చూశాడు. నేను రెండు చేతులూ పైకెత్తాను.

ఆ తర్వాత చేతులు నా మాట వినలేదు. ఆడిస్తే ఆయన పట్టేసిన క్రమం ప్రకారం చెప్పేస్తాడు, నేను టిక్కు పెట్టాలి, రేపు పొద్దున్న బస్సు బయల్దేరుతుంది. క్రమం మారిస్తే నలుగురిలో ఆయన పరువు తీస్తాను. ఏదీ చేయలేక అలా పట్టుకుని కూర్చున్నాను. ఒక్క వేలు కూడా కదపలేదు.

"కుడి," అన్నాడు బావ. కాసేపాగి, "ఎడమ," అన్నాడు. ఇంకాసేపాగి, "రెండూ."

ఆయన వెనక వరసంతా నా చేతులకేసి చూస్తోంది. మాట్లాడుకునేవాళ్లు మానేశారు.

"ఏమైంది? అయిపోయిందా?" అన్నాడు బావ.

వరసలో అందరికంటే పెద్దాయన, వచ్చే నెల రిటైరయ్యే డ్రైవరు, ముందుకొచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, ఆ అమ్మాయి చెయ్యి కదపలేదురా," అన్నాడు మెల్లగా.

బావ కన్ను మీంచి చెయ్యి తీశాడు. నా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటిని చూశాడు, నన్ను చూశాడు. నేను ఫామ్ తీసుకుని కుడి కన్ను సిక్స్ బై సిక్స్, ఎడమ కన్ను సిక్స్ బై సిక్స్ అని రాశాను. కింద అన్‌ఫిట్ దగ్గర టిక్కు పెట్టాను. పక్క చూపు లేదని ఖాళీ అంచులో రాశాను, దానికి గడి లేదు కాబట్టి. ఆయన ఆ కాగితం అందుకుని, మడిచి, డిపో మేనేజరు గదివైపు తనే నడిచాడు. గుమ్మం దగ్గర పెద్దాయన ఆయన్ని ఎడమ వైపు నుంచి పట్టుకున్నాడు.

సాయంత్రం అక్క ఇంటికెళ్లాను. అక్క తలుపు తీసి, నన్ను చూసి లోపలికెళ్లిపోయింది. ఇప్పటికీ నాతో మాట్లాడదు, ఇది జరిగి మూడు నెలలైంది. డిపోలో బావకి ఇంకా ఏ పనీ ఖాయం చేయలేదు. "చూద్దాం" అంటున్నారు.

ఆ సాయంత్రం బావ మంచం మీద కూర్చుని మందు సీసా మూత తిప్పుతున్నాడు, ఎలా వేసుకోవాలో తెలీక. తీసుకుని నేను వేయబోయాను. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పోయిన నెల స్టాపులో ఒకావిడ చెయ్యి తలుపులో ఇరికింది," అన్నాడు. "ఎక్కుతుండగానే తలుపు వేశాను. నాకు కనపడలా. జనం అరిస్తే తీశాను. దెబ్బ పెద్దది కాదు, తిట్టుకుంటూ పోయింది. అప్పట్నించి రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేస్తా, దిగిపోతా అనుకుంటూనే ఎక్కాను. నా అంతట నేను దిగలేకపోయానే. నువ్వు దింపావు."

నాకు ఏడుపు ఆగలేదు. "ఏడేళ్ల కిందట ఒక్కపూట నిన్నాపి ఆ చుక్కలు వేసుంటే, నీకు దిగాల్సిన పనే ఉండేది కాదు బావా," అన్నాను.

ఆయన తల వెనక్కి వాల్చి, కళ్లు పెద్దవి చేసి, మందు కోసం ఆగాడు.